వాదం ఉన్న చోటు

మద్రసాలో చదివినవారికి ‘వ లనా’ అనే చిన్న అరబీ మాట సుపరిచితం. ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) రచించిన ‘హిదాయా’లో ఒక సమస్యపై ఇతర ఇమాముల అభిప్రాయం, దానికి వారు చూపే ఆధారం వచ్చిన తరువాత, ‘మన పక్షాన ఆధారం ఇది’ అనే అర్థంలో ఆ మాట కనిపిస్తుంది. అక్కడి నుండి హనఫీ పక్షపు వాదం మొదలవుతుంది. ఈ సరిహద్దు గుర్తించని విద్యార్థి ఇమామ్ షాఫయీ (రహ్మలై) మాటను ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై)కు ఆపాదిస్తాడు. ఒకరు అనని మాటను వారికి అంటగట్టడం మన విద్యా సంప్రదాయంలో చిన్న విషయం కాదు.

యాభై ఏళ్లు దాటాక నేను ఇస్లామీయ అధ్యయనాల్లో ఎం.ఏ.లో చేరాను. వారానికి మూడు ఆంగ్ల పరిశోధన వ్యాసాలు చదివి రావాలి. పగలు మద్రసాలో పాఠాలు చెప్పాలి కనుక ఇషా నమాజు తరువాతి సమయమే నాకు మిగిలేది. మనకు అలవాటైన పద్ధతిలో పంక్తి పంక్తికీ ఆగితే ఒక్క వ్యాసానికే వారం గడిచిపోతుంది. అందుచేత ప్రతి వ్యాసంలోనూ ముందుగా దాని ‘వ లనా’ ఎక్కడుందో వెదకడం మొదలుపెట్టాను.

ఒక ఉదాహరణ చెబుతాను. వాయెల్ హల్లాక్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం ఒకటుంది. ‘ఇజ్తిహాద్ ద్వారం మూసుకుపోయిందా?’ అన్నది దాని శీర్షిక. ధర్మశాస్త్ర పండితుడు మూలాధారాల నుండి స్వయంగా తీర్పును వెలికితీసే కృషిని ఇజ్తిహాద్ అంటారని పాఠకులకు తెలిసిందే. వ్యాసం సుమారు నలభై పుటలు.

శీర్షికే ఒక ప్రశ్న. కనుక మొదటి పుటల్లో నేను వెదికింది రెండు విషయాలు: ఇంతవరకు ఇతరులు చెప్పిన జవాబు ఏమిటి, రచయిత దానితో ఎక్కడ విభేదిస్తున్నాడు? జోసెఫ్ షాఖ్ట్ మొదలైన పాశ్చాత్య పండితులు, హిజ్రీ మూడవ శతాబ్దం ముగిసేనాటికి ఆ ద్వారం మూతబడిందని చెప్పారని హల్లాక్ మొదట వివరిస్తాడు. ఆ వెంటనే, మూలగ్రంథాలను కాలక్రమంలో పరిశీలిస్తే ఈ అభిప్రాయానికి ఆధారం లేదని అంటాడు. మలుపు అదే. ఆంగ్ల వ్యాసాల్లో ఈ మలుపు దగ్గర తరచుగా ‘బట్’, ‘హవెవర్’, ‘ఐ ఆర్గ్యూ’ వంటి మాటలు ఉంటాయి. మలుపుకు ముందే ఆగినవాడు షాఖ్ట్ మాటను హల్లాక్ మాటగా రాసుకుంటాడు.

తరువాత మధ్య పుటలను వదలి నేరుగా ముగింపు చదివాను. మొదట చెప్పిన మాట చివర కూడా నిలిచి ఉంటే అదే ప్రధాన వాదం. చివర మరో మాట ఉంటే మలుపును తిరిగి వెదకాలి. అది సరిచూసుకున్నాక ఒక్కో భాగపు తొలి వాక్యాలు చదువుతూ, ఈ భాగం ఆ వాదానికి ఏ పని చేస్తోందని అడిగాను. ఉదాహరణకు ముజ్తహిద్‌కు ఉండవలసిన అర్హతలపై ఒక చర్చ ఉంది. ధర్మశాసనాలకు సంబంధించిన సుమారు 500 ఆయతులు తెలిస్తే చాలు, వాటిని కంఠస్థం చేయనక్కరలేదు అని ఇమామ్ గజాలీ (రహ్మలై) చెప్పిన సంగతి మనకు తెలుసు. విడిగా చూస్తే అది ఒక సమాచారం. వాదం తెలిసి చదివితే దాని పని తెలుస్తుంది: అర్హతలు అందుకోలేనంత కఠినం కావు, కాబట్టి వాటి వల్ల ద్వారం మూతబడిందనలేము.

ఇక పుస్తకం మూసి ఒకే వాక్యం రాశాను: “ద్వారం మూతబడిందని పలువురు అన్నారు, కాని హల్లాక్ దానిని కాదంటాడు, ఎందుకంటే ముజ్తహిద్‌లు దాదాపు అన్ని కాలాల్లోనూ ఉన్నారు, ద్వారం మూతబడిందనే మాట హిజ్రీ 500 వరకు గ్రంథాల్లో కనిపించదు, ఆ తరువాత కూడా దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు.” ‘అన్నారు, కాని, ఎందుకంటే’ అనే మూడు చోట్లూ నిండితే వాదం దొరికినట్లే. “ఈ వ్యాసం ఇజ్తిహాద్ గురించి” అని మాత్రమే రాయగలిగితే దొరికింది విషయం, వాదం కాదు. విషయాన్ని ఎవరూ కాదనలేరు, వాదాన్ని కాదనవచ్చు. తేడా పట్టుకోవడానికి ఇదే గీటురాయి.

ఈ పనికి నాకు అరగంటకు మించి పట్టదు. అయితే దీనికొక హద్దుంది. రచయిత ఏమన్నాడో ఇలా తెలుస్తుంది. అది నిజమా కాదా అన్నది తెలియదు. అందుకు పాదసూచికల్లో చూపిన గ్రంథాలను తెరచి, ఆ ఉల్లేఖనలు నిజంగా ఆ మాట చెబుతున్నాయో లేదో చూడాలి. అక్కడ మాత్రం మద్రసా నేర్పిన పంక్తి పంక్తి చదువే అక్కరకు వస్తుంది.