మూడు నిమిషాల్లో 97 కోతలు

ఐదో సెమిస్టర్ పరీక్షలు అయిపోయాక భీమవరం వెళ్ళాను. అప్పటికే అక్క, దాని కూతురు చిట్టి ఇంట్లో ఉన్నారు. బావ ఆఫీసు పని మీద రెండు నెలలు వేరే ఊరు వెళ్తే, అక్క ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. చిట్టికి రెండేళ్ళ నాలుగు నెలలు.

మొదటి రోజు మధ్యాహ్నం అమ్మ దానికి అన్నం పెడుతోంది. ముందు ఫోను, ఫోన్లో పాటలు. అది నోరు తెరుస్తోంది, మింగుతోంది, ఒక్కసారి కూడా కంచం వైపు చూడట్లేదు. "చిట్టీ" అన్నాను. పలకలేదు. ఇంకో రెండుసార్లు పిలిచాను. నాలుగోసారి సరదాకి ఫోన్ తీసేశాను. నా మణికట్టు మీద పళ్ళు దిగాయి.

అక్క పరిగెత్తుకొచ్చి ఫోన్ మళ్ళీ చేతిలో పెట్టి, "మీటింగ్ లో ఉన్నాన్రా, ఏడిపించకు" అని వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం నా వైపు అదోలా చూసింది. ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. క్రితం సంక్రాంతికి, ఏడాదిన్నర కూడా నిండని పిల్ల అన్నం తినట్లేదని ఫోన్లో పాటలు పెట్టి అలవాటు చేసింది నేనే. అప్పుడు అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ రాత్రి ఆ పాటల వీడియో నేను ఒక్కడినే కూర్చుని చూశాను. చూస్తుంటే ఏదో తరుముతున్నట్టుంది. బొమ్మ మారినప్పుడల్లా కాగితం మీద గీత గీద్దామని మొదలుపెట్టాను గానీ గీతలు అందుకోలేకపోయాను. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ఆ పని కంప్యూటర్‌కి అప్పజెప్పాను:

```
ffmpeg -i rhymes.mp4 -vf "select='gt(scene,0.3)',metadata=print:file=cuts.txt" -an -f null -
grep -c pts_time cuts.txt
```

పక్కపక్క ఫ్రేములు రెండూ బాగా తేడాగా ఉంటే దాన్ని కోతగా లెక్కేస్తుంది. మూడు నిమిషాల వీడియోకి 97 వచ్చింది. అంటే రెండు సెకన్లకో దృశ్యం. అనుమానం వచ్చి ఒక నిమిషం ముక్కని నెమ్మదిగా తిప్పి చేత్తో లెక్కపెట్టాను. కంప్యూటర్ 34 అంది, నాకు 29 వచ్చాయి. తెర మొత్తం తెల్లగా మెరిసిన చోట్ల కూడా అది కోత అనుకుంది. ఆ మెరుపులు కోతలు కాకపోయినా పిల్ల కంటికి అదే పని చేస్తాయి కాబట్టి నేను పెద్దగా బాధపడలేదు. ఇక కోతలు లేని చోట కూడా ఏదో ఒకటి ఎగురుతూనే ఉంది. అక్షరాలు గంతులేస్తున్నాయి, నక్షత్రాలు రాలుతున్నాయి, ఆవు స్కూటర్ నడుపుతోంది.

ఇది పిల్లల్ని ఎందుకలా పట్టేస్తుందంటే, కొత్త శబ్దమో కదలికో వస్తే తల అటు తిప్పడం మన ఒంట్లోనే ఉంది. పావ్‌లోవ్ దాన్ని "ఏమిటది?" అనే ప్రతిచర్య అన్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇంటరప్ట్. ఒకటో రెండో వస్తే సరే, రెండు సెకన్లకొకటి వస్తుంటే ప్రాసెసర్ హ్యాండ్లర్ నడపడంతోనే సరిపోతుంది, అసలు ప్రోగ్రామ్ ముందుకు కదలదు. బయటికి చూస్తే మాత్రం పిల్ల ఎంతో ఏకాగ్రతగా ఉన్నట్టు కనిపిస్తుంది. అమ్మ కూడా "ఎంత బుద్ధిగా చూస్తుందో" అంటుంది.

దీని మీద 2011లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదివాను. ఏంజెలీన్ లిలార్డ్, జెనిఫర్ పీటర్సన్ అనే ఇద్దరు చేశారు. నాలుగేళ్ళ పిల్లలు 60 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకి తొమ్మిది నిమిషాలు వేగంగా పరిగెత్తే కార్టూన్ చూపించారు, ఇంకో గుంపుకి నెమ్మదైన విద్యా కార్యక్రమం చూపించారు, మూడో గుంపుకి రంగులిచ్చి బొమ్మలు గీసుకోమన్నారు. వెంటనే కొన్ని ఆటలు ఆడించారు. అందులో ఒకటి టవర్ ఆఫ్ హనోయ్! మనం రికర్షన్ పాఠంలో పడ్డ పాట్లు నాలుగేళ్ళ పిల్లలూ పడ్డారన్నమాట. ఓర్చుకోవడం, ఆలోచించి చెయ్యడం కావలసిన ఆ ఆటల్లో వేగం కార్టూన్ చూసినవాళ్ళు మిగతావాళ్ళకంటే వెనకబడ్డారు. ఆ కార్టూన్లో సగటున 11 సెకన్లకొకసారి సన్నివేశం మారితే, నెమ్మది దాంట్లో 34 సెకన్లకి మారింది.

నా 97 లెక్క పట్టుకుని అక్క మీదికి యుద్ధానికి వెళ్ళబోతూ, 2015లో లిలార్డ్ బృందమే చేసిన తర్వాతి పరిశోధన కూడా చదివాను. మంచిదయింది. వేగాన్నీ, జరగడానికి వీల్లేని వింతల్నీ విడదీసి చూస్తే, తప్పు ఎక్కువగా వింతలదే అని తేలింది. ఆవు స్కూటర్ నడిపితే పిల్ల బుర్రలో ఉన్న ఆవుకీ దానికీ పొంతన కుదరదు. అది కుదిరేలోపే ఇంకో వింత వచ్చేస్తుంది. అంటే నెమ్మదిగా ఉందా అని చూస్తే చాలదు, చిట్టికి తెలిసిన లోకంలో జరిగేదేనా అని కూడా చూడాలి. ఇవన్నీ వెంటనే కనబడే ప్రభావం గురించి మాత్రమే. ఏళ్ళ తరబడి ఏమవుతుందో ఈ తొమ్మిది నిమిషాల పరీక్షలు చెప్పవు. అక్కకి ఈ మాట కూడా చెప్పాను. ఎందుకంటే అది అప్పటికే ఏడుపు ముఖం పెట్టింది.

"అయితే అసలేం చూపించద్దంటావా? నా ఉద్యోగం నువ్వు చేస్తావా?" అంది.

అసలు వద్దనలేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్ళ లోపు తెర వద్దంది గానీ, రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకుండా, అదీ పెద్దవాళ్ళు పక్కనుండగా, పర్లేదంది. అక్కకి కావలసింది సాయంత్రం అయిదింటి కాల్ కోసం పావుగంట. ఆ పావుగంటలో ఏం పెట్టాలన్నదే ప్రశ్న.

నాకు దొరికింది 'పఫిన్ రాక్'. ఐర్లాండ్ వాళ్ళది. ఒక దీవి మీద ఊనా అనే పఫిన్ పిల్ల, దాని తమ్ముడు బాబా. కథ అంటే పెద్దగా ఏం ఉండదు. చేప కావాలి, వాన పడుతోంది, తమ్ముడు తప్పిపోయాడు, దొరికాడు. జంతువులు మాట్లాడతాయి, నిజమే, కానీ పక్షి బొరియలోనే ఉంటుంది, చేపలే తింటుంది. ఒక్కో కథ ఏడు నిమిషాలు. దీన్ని కంప్యూటర్‌తో లెక్కించడం కుదరదు, డౌన్‌లోడ్‌కి తాళం ఉంటుంది. మళ్ళీ కాగితం తీశాను. ఈసారి చెయ్యి హాయిగా అందుకుంది. మూడు నిమిషాలకి గీతలు ఆ 97లో సగం కూడా లేవు. సముద్రం చూపించే చోట నాకు ఆవలింత వచ్చింది.

అమ్మకి మాత్రం పేరు దగ్గరే అభ్యంతరం వచ్చింది. "బాబా ఏంట్రా పక్షికి! కళ్ళు పోతాయి."

మొదటి రోజు చిట్టి రెండు నిమిషాలు చూసి రిమోట్ విసిరేసింది. రెండో రోజు టీవీ వెనక్కి వెళ్ళి పాటల కోసం వెతికింది. వేగానికి అలవాటుపడ్డ పిల్లకి ఇది ఉప్పు లేని పప్పులా ఉంటుందని నేను ముందే అనుకోవాల్సింది. మూడో రోజు చేసిన మార్పు పనికొచ్చింది. అందులో వ్యాఖ్యానం ఇంగ్లీషు, చిట్టికి అర్థం కాదు. శబ్దం బాగా తగ్గించి అమ్మని పక్కన కూర్చోబెట్టాను. "అదిగో బాతు. గూట్లోంచి బయటికొచ్చింది. తమ్ముడేడీ? చిట్టీ, తమ్ముడేడీ?" అది బాతు కాదని చెప్పబోయి ఊరుకున్నాను. అమ్మ అడిగి ఆగింది. తెర మీద ఏమీ హడావిడి లేదు కాబట్టి చిట్టికి వెతకడానికి తీరిక దొరికింది. వేలు పెట్టి చూపించింది.

'బ్లూస్ క్లూస్' అనే అమెరికన్ కార్యక్రమంలో ఈ ఆగడాన్నే పద్ధతిగా పెట్టారు. ఇంట్లోని స్టీవ్ అనే అబ్బాయి ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదాకా కెమెరా వైపు చూస్తూ ఉండిపోతాడు. 1996లో మొదలైనప్పుడు ఒకే భాగాన్ని వారంలో అయిదు రోజులూ వేసేవారు. పెద్దవాళ్ళకి పిచ్చెక్కుతుంది గానీ, పిల్లలకి మొదటిసారి కథ, తర్వాత జవాబులు దొరుకుతాయి. మేమూ ఒకే కథని నాలుగు రోజులు పెట్టాం. నాలుగో రోజుకి అమ్మ అడగకముందే చిట్టి చెప్పేస్తోంది.

ఇంకో చిన్న పని చేశాం. తర్వాతి భాగం తనంతట తాను మొదలయ్యే సెట్టింగ్ తీసేశాను. రెండు కథలు, తెర నలుపు, అయిపోయింది. మేం లాక్కోవడం లేదు, అదే అయిపోతోంది. కొరకడం తగ్గింది అక్కడే అని నా నమ్మకం.

అన్నం దగ్గర మాత్రం కష్టమైంది. ఫోన్ తీసేసిన మూడు రోజులు సగం సగం తింది. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి పెరట్లోకి తీసుకెళ్ళి కాకిని చూపిస్తూ పెడుతోంది. గంట పడుతోంది. మధ్యలో ఒక ఆదివారం చుట్టాలొచ్చారు, ఎవరి ఫోన్లోనో మళ్ళీ పాటలు మోగాయి, ఆ సాయంత్రం బాతు కథకి చిట్టి "వద్దు" అంది. రెండు రోజులు వెనక్కి వెళ్ళాం. ఇక హాల్లో అమ్మ సీరియల్ సంగతి ఎత్తితే నన్ను ఇంట్లోంచి గెంటేస్తారని తెలుసు. ఒకే ముఖాన్ని ఉరుము శబ్దంతో మూడుసార్లు చూపించే ఆ ఎడిటింగ్‌కి ఏ పాటల వీడియో సాటి రాదు. అయినా ఎత్తాను. ఇప్పుడు చిట్టి నిద్రపోయాకే పెడుతోంది.

ఇదంతా చేసి పిల్ల ఏదో నేర్చేసుకుందని చెప్పను. ఈ వయసు పిల్లలు తెర మీద చూసిందానికంటే ఎదురుగా ఉన్న మనిషి దగ్గర ఎక్కువ నేర్చుకుంటారు, తెర ఎంత మంచిదైనా సరే. ఊనా స్నేహితుల్లో ఒక పీత ఉంది. అమ్మ పదిసార్లు "పీత" అని చూపించినా చిట్టి నోట ఆ మాట రాలేదు. ఒక రోజు నాన్న బజారు నుంచి బతికున్న పీతలు తెచ్చి తొట్టిలో వేశారు. చిట్టి తొట్టి అంచు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత టీవీ వైపు చూసింది, మళ్ళీ తొట్టి వైపు. "పీత" అంది. ఆ రోజు కూర ఎవరు తినాలన్నది పెద్ద సమస్య అయింది.

సెలవులయ్యాక హాస్టల్‌కి వచ్చేశాను. మొన్న మెస్‌లో ఒక చేత్తో పెరుగన్నం తింటూ ఇంకో చేత్తో రీల్స్ తోస్తుంటే అక్క వీడియో కాల్ చేసింది. తెరంతా నేల, మంచం కోళ్ళు. చిట్టి ఫోన్ పట్టుకుని మంచం కిందికి పాకుతోంది. లోపల చీకట్లో ఒక స్టీలు గ్లాసు పడుకోబెట్టి ఉంది, మీద చేతిరుమాలు కప్పి ఉంది.

"మాయ్యా," అంది గుసగుసగా, నోటి మీద వేలు పెట్టుకుని, "బాబా బజ్జున్నాడు."