ఆయప్పా, ఆయమ్మా

శాంతిపురంలో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి వినండి. ఎదురుగా ఉన్న మనిషిని ‘ఎప్పుడొచ్చినారు, తిన్నారా’ అని అడుగుతున్నంతసేపు మాటలో ఆడా మగా తేడా ఉండదు. ట్రాన్స్‌జెండర్ మనిషి విషయంలో నాలుక జారేది రెండు చోట్ల. ఒకటి, అన్నా, అక్కా అని పిలిచేటప్పుడు. రెండోది, పక్కవాళ్లకు ‘ఆయప్ప వచ్చినాడు’ అని చెప్పేటప్పుడు.

ఒకటో తేదీ పింఛను పంపిణీ అనుకుందాం. ట్రాన్స్‌జెండర్లకూ ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. సచివాలయం నుంచి వచ్చిన అబ్బాయి ఫోన్‌లో పాత పేరే ఉంది. వీధిలో నిలబడి ఆ పేరు గట్టిగా చదివి, ‘ఈయప్ప ఉన్నాడా’ అన్నాడు. చీర కట్టుకున్న ఆమె గడపలోకి వచ్చింది. చుట్టూ నలుగురున్నారు.

ఇప్పుడు అతను అనాల్సింది, ‘సారీ అక్కా. పింఛను మీదే, ఇక్కడ వేలు పెట్టండి.’ అంతే. ‘అక్కా’ అన్నప్పుడే తప్పు దిద్దుకున్నట్టు, వేలిముద్ర అడగడంతో పని ముందుకు నడిచినట్టు. అలా కాకుండా, ‘అయ్యో, నాకు తెలీదక్కా, కార్డులో అట్లుంది, గొంతు విని పొరపాటు పడినా’ అని సాగదీస్తే ఆ నలుగురి చూపూ ఆమె గొంతు మీదికే పోతుంది. పైగా ‘పర్వాలేదులేప్పా’ అని అతన్ని ఊరడించే పని కూడా ఆమె మీదే పడుతుంది. నా దృష్టిలో పొడుగాటి క్షమాపణ రెండో దెబ్బ.

తొందరలో దిద్దుకునేటప్పుడు ఇంకో గుంత ఉంది. ‘వచ్చినాడు’ను మార్చబోయి ‘అది వచ్చింది’ అనేస్తారు. హిజ్రాలను ‘అది’ అని తీసిపారేసే అలవాటు మన ఊళ్లలో పాతదే, అందుకే ఆ మాట చురుక్కుమంటుంది. ‘ఆయమ్మ వచ్చింది’ అనండి. కొత్తవాళ్లయితే ‘వచ్చినారు’ అనండి. మగవాడిగా బతుకుతున్న మనిషైతే ‘ఆయప్ప’, ‘అన్నా’. ఏమనాలో తేలకపోతే ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని పక్కకు పిలిచి మెల్లగా అడగొచ్చు.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో, మనిషి తన లింగాన్ని తాను చెప్పుకునే హక్కును గుర్తించింది. అయినా ఒక్కో కార్డులో పేరు మార్పించుకోవడానికి తిరగాల్సిందే. అందుకని జాబితా పట్టుకుని వచ్చేవాళ్లు వీధిలో ఇంటిపేరు మాత్రం పిలిచి, మిగతాది గడప దగ్గర చూసుకోవడం మేలు.

కష్టమంతా ఇంట్లోవాళ్లకే. ఇరవై ఏళ్లు ‘మావోడు’ అన్న అమ్మకు బిడ్డ దగ్గర ‘మీరు’ చాటు దొరకదు. ఆమె ‘మావోడు... మా పాప’ అని మధ్యలోనే మార్చుకుని కూర సంగతి మాట్లాడితే చాలు. బిడ్డ లేనప్పుడు ఇరుగుపొరుగుతో కూడా ‘మా పాప’ అనే అనాలి. వాళ్లు ‘మీవోడు ఎప్పుడొస్తాడు?’ అంటే, ‘మా పాప ఆదివారం వస్తుంది’ అని జవాబివ్వాలి.