హెల్మెట్ లోపలి ఆవాజ్

హిందూపురంలో బండి తీస్తే సోమందేపల్లి దాటేలోపు రెండు ఫోన్లు ఖాయం. ఒకటి డెస్క్ నుంచి, "ఖబర్ ఎప్పుడు పంపుతావ్?" అని. రెండోది అమ్మీ. "కాఁ తక్ ఆయా బేటా?" ఎత్తకపోతే ఆమెకు ఫికర్, ఎత్తితే నాకు ఖతర్.

మొదట్లో అందరిలాగే ఇయర్‌బడ్స్ పెట్టుకుని పైన హెల్మెట్ తొడిగేవాణ్ణి. హెల్మెట్ కిందికి లాగేటప్పుడే బడ్ తిరిగిపోతుంది. చెంప దగ్గరి మెత్త దాన్ని చెవిలోకి నొక్కుతూనే ఉంటుంది. పెనుకొండ చేరేసరికి చెవి ముందుండే చిన్న ఎముకలాంటి భాగం మండిపోయేది. పైగా బడ్ మైకు నోటికి దూరం. అమ్మీకి నా మాట కాదు, గాలి హోరే వినిపించేది. "వాన పడుతోందా?" అని అడిగేది, ఏప్రిల్ ఎండలో!

తర్వాత హెల్మెట్‌కే బిగించే బ్లూటూత్ సెట్ కొన్నాను. రెండు పల్చటి స్పీకర్లు, ఒక మైకు. నోరు కప్పే హెల్మెట్‌కైతే గడ్డం లోపల అంటించే బటన్ మైకు. ముఖం తెరిచి ఉండేదానికైతే పొడుగు కాడ మైకు. బిగించిన కుర్రాడు స్పీకర్‌కు జాగా కావాలని లోపలి థర్మోకోల్ చెక్కబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. కింద పడితే దెబ్బను మింగేది ఆ నురుగే. దాన్ని తవ్వితే ఇక హిఫాజత్ ఎక్కడిది? మెత్త గుడ్డ వెనక, చెవి గుంట ఉన్నచోట స్పీకర్ పట్టకపోతే ఆ హెల్మెట్‌కు ఆ సెట్ పనికిరాదు, అంతే.

బిగించాక కూడా ఆవాజ్ సన్నగా వచ్చింది. సెట్టే ఖరాబ్ అనుకున్నా. పాట పెట్టి, రెండు చేతులతో హెల్మెట్‌ను బయటినుంచి చెవులకేసి నొక్కి చూశాను. ఒక్కసారిగా పెరిగింది! అంటే స్పీకర్ చెవికి దూరంగా ఉంది, పక్కకు కూడా జరిగి ఉంది. వెనక పల్చటి స్పాంజి పెట్టి, చెవి రంధ్రానికి ఎదురుగా జరిపాక సరిపోయింది. అప్పటిదాకా నేను చేసిన తప్పు, 44వ నంబర్ హైవే మీద వేగం పెరిగి గాలి హోరెత్తగానే సౌండ్ పెంచడం. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాళ్లు. గాలి మోతకే చెవులు దెబ్బతింటాయి, దాని మీద నేను ఇంకో మోత ఎక్కించాను.

ఇక దారి చెప్పే గొంతు. ధర్మవరంలో చీరలు నేసే ఒక పెద్దాయన్ని కలవడానికి ఓ సందు వెతుకుతున్నా. మ్యాప్ చెప్పింది నాకు "...తిరగండి" అని మాత్రమే వినబడింది. కుడికా, ఎడమకా? ఆవాజ్ లేనప్పుడు సెట్ కునుకు తీస్తుంది, మళ్లీ మేల్కొనేలోపు మొదటి మాట పోతుంది. అసలు కావాల్సింది ఆ మొదటి మాటే. అందుకని మెల్లగా ఏదో ఒక పాట నడిపిస్తూ పోతాను. సెట్ మెలకువగా ఉంటుంది, మాట తెగదు. `Play voice during phone calls` అనేది ఆన్‌లో ఉంటే కాల్ మధ్యలో కూడా మ్యాప్ మాట్లాడుతుంది. నేను ఆపేశా. ఇద్దరి మాటలు ఒకేసారి వింటే రెండూ అర్థం కావు.

ఇవన్నీ సర్దుకున్నాక, చెవి హాయిగా ఉన్న ఓ సాయంత్రం, ధర్మవరం నుంచి వస్తూ డెస్క్‌తో హెడ్డింగ్ గురించి బహస్ పడ్డాను. ఫోన్ పెట్టేసరికి పెనుకొండ కొండ ఎదురుగా ఉంది. మధ్యలో దాటిన లారీలు, ఊళ్లు, ఏవీ యాద్ లేవు. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి, దిమాగ్ మాత్రం డెస్కులో కూర్చుంది. వెన్ను చల్లబడింది.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కేస్తుంది. చేతులు ఖాళీగా ఉంటే అంతా ఠీక్ అని మనం సమాధానపడతాం. మగర్ 2001లోనే అమెరికాలోని యూటా యూనివర్సిటీలో స్ట్రేయర్, జాన్‌స్టన్ అనే ఇద్దరు ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. ఫోన్‌లో మాట్లాడేవాళ్లు సిగ్నళ్లను రెట్టింపు మిస్సయ్యారు. ఫోన్ చేతిలో ఉన్నా, చేతులు ఖాళీగా ఉన్నా తేడా కనబడలేదు. వెనక సీట్లో బేగమ్ కూర్చుంటే గేదె అడ్డొచ్చినప్పుడు తనే మాట ఆపేస్తుంది. డెస్క్‌లో కూర్చున్నవాడికి గేదె కనబడదు కదా!

ఇప్పుడు మ్యాప్ మాట మాత్రం ఉంచుకున్నా, అది రెండు ముక్కలు చెప్పి నోరు మూస్తుంది. కాల్ వస్తే బటన్ నొక్కి కట్ చేస్తా. సోమందేపల్లి దగ్గర చాయ్ బండి పక్కన బండి ఆపి, హెల్మెట్ తీసి అమ్మీకి చేస్తా.

"ఇప్పుడు వాన ఆగిందా బేటా?" అంటుంది.