అగ్రిమెంటు రెండో పేజీ

2022 చలికాలంలో మా నాయిన మొయినాబాద్ మండలంలో మాకున్న మూడెకరాల్లో రోడ్డు వైపు ఎకరం ఇరవై గుంటలు అమ్మకానికి పెట్టాడు. గుండె ఆపరేషన్‌కు తెచ్చిన అప్పు మీద మిత్తి నెలనెలా పెరుగుతోంది. వెనకున్న ఎకరం ఇరవై గుంటల్లో బంతి, చామంతి వేస్తాం, ఇల్లు గడిచేది దాని మీదే. బోరు మాత్రం అమ్మే ముక్కలో ఉంది. వెనక మడికి పోవాలన్నా ముందు మడిలోంచే పోవాలి.

కొనేవాళ్ల తరఫున బ్రోకర్ చేవెళ్లలో ఒక దస్తావేజు రైటర్ దగ్గర అగ్రిమెంటు రాయించి మూడు పేజీల ఫోటోలు వాట్సాప్‌లో పంపాడు. ఇంట్లో అందరం కూర్చుని చదివాం, సరేనన్నాం. బయానా తీసుకునే రోజుకు ముందు సాయంత్రం రెండో పేజీ ఒక్కటే మళ్లీ వచ్చింది. "ప్రింటు సరిగ్గ రాలేదక్కా, మళ్ల తీయించినం. అంతా అదే" అన్నాడు ఫోన్లో. రేపు పొద్దున పదింటికి సంతకాలు అని కూడా చెప్పాడు.

నేను డీటీపీ పని చేస్తాను. ప్రింటు సరిగ్గా రాకపోతే అదే ఫైలు మళ్లీ ప్రింటు తీస్తారు, అప్పుడు ప్రతి వరుసా పాత చోటే తెగుతుంది. ఈ పేజీలో మొదటి షరతు వరుసలు పాత చోటే తెగాయి, రెండో షరతు నుంచి మాత్రం వేరే మాటల దగ్గర తెగుతున్నాయి. అంటే ఫైల్లో చెయ్యి పెట్టారు. అక్కడే నాకు గుండె ఝల్లుమంది.

పైకి మాత్రం ఏ తేడా లేదు. పాత పేజీలో 4 నుంచి 9 దాకా ఆరు షరతులు, కొత్త పేజీలోనూ 4 నుంచి 9 దాకా ఆరే. మా చిన్నాన్న రెండు ఫోటోలూ చూసి, "నంబర్లు గవే ఉన్నయ్ గద బిడ్డా, ఊకె అనుమానం ఎందుకు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. చూపు ముందు పోయేది నంబర్ల మీదికే.

కొత్త ఫోటో ఏటవాలుగా తీశారు. కాగితం మధ్యలో ఉబ్బి ఉంది, కుడి అంచు కోసుకుపోయింది. అంచులో పోయిన మాటను తీసేశారని అనలేం, కనబడడం లేదని మాత్రమే అనగలం. అందుకే బ్రోకర్‌కు ఫోన్ చేసి కాగితాన్ని నేల మీద చదునుగా పరిచి, ఫోన్ నిటారుగా పైనుంచి పట్టి, నాలుగు మూలలూ పడేలా మళ్లీ తీసి పంపమన్నాను. విసుక్కున్నాడు, రాత్రి ఎనిమిది దాటాక పంపాడు.

తర్వాత రూళ్ల నోట్‌బుక్ తీసి పేజీ మధ్యలో గీత గీశాను. ఎడమ పక్క పాత షరతులు, కుడి పక్క కొత్తవి, నంబరు వదిలేసి విషయం చూసి ఎదురెదురుగా రాశాను. ధరకు ఎదురుగా ధర, గడువుకు ఎదురుగా గడువు. జత దొరకని చోట ఖాళీ ఉంచాను. నంబర్లు పట్టుకుని పోల్చితే మధ్యలో ఒక షరతు దూర్చగానే దాని కిందివన్నీ మారినట్టే కనబడతాయి, అసలు మార్పు ఆ గందరగోళంలో కలిసిపోతుంది. నేను పాతది పైకి చదువుతుంటే తమ్ముడు కొత్తదాని మీద వేలు పెట్టుకుని చూశాడు. నాయిన మంచం మీద కూర్చుని వింటున్నాడు.

నాలుగో షరతు దగ్గరే ఆగాం. బయానా అంకెల్లో పాత పేజీలో 10,00,000 అని ఉంది, కొత్త ఫోటోలో సున్నా మీద నీడ పడి 16,00,000 లాగా కనబడింది. పెద్దది చేసి చూసినా తేలలేదు. పక్కనే అక్షరాల్లో "పది లక్షల రూపాయలు" అని స్పష్టంగా ఉంది. అది ఫోటో తేడా, కాగితం తేడా కాదు. అలాంటివి జాబితాలో చేరిస్తే తెల్లారి వాళ్లు దాన్నొక్కదాన్ని పట్టుకుని మిగతావన్నీ కొట్టిపారేస్తారు.

గడువు షరతులో రెండు పేజీల్లోనూ తొంభై రోజులే. పాత దాంట్లో "ఈ అగ్రిమెంటు తేదీ నుండి తొంభై రోజులు" అని ఉంటే, కొత్త దాంట్లో "111 జీవో విషయమై ప్రభుత్వ తుది ఉత్తర్వులు వెలువడిన తేదీ నుండి తొంభై రోజులు" అని ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు కాపాడడానికి 1996లో వచ్చిన ఆ జీవో కింద 84 గ్రామాలున్నాయి, మాది వాటిలో ఒకటి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం 69 జీవో ఇచ్చినా, తుది ఉత్తర్వు అనేది ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి మా మండలంలో లేడు. పది లక్షలిచ్చి మా భూమిని ఎంత కాలమైనా కట్టేసుకోవచ్చన్నమాట.

కొత్త ఆరో షరతుకు ఎడమ పక్క జత లేదు. కొనుగోలుదారు తన పేరున గాని, తాను సూచించిన వారి పేరున గాని రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చట. అది చేర్చింది. దాంతో పాత ఆరు కొత్త ఏడైంది. ఆ షరతు ప్రకారం మేం మాట తప్పితే బయానాకు రెట్టింపు తిరిగివ్వాలి, వాళ్లు తప్పితే బయానా మాకే. కొత్త పేజీలో మేం తప్పితే ఏమివ్వాలో అలాగే ఉంది, వాళ్లు తప్పితే అన్న వాక్యం లేదు. షరతు మొత్తం పోలేదు కాబట్టి దీన్ని "మార్చినవి" కింద రాసి, పోయిన వాక్యాన్ని పూర్తిగా పక్కన ఎత్తి రాశాను.

స్వాధీనం షరతు ఒక్క అక్షరం మారలేదు. దాని తర్వాత పాత ఎనిమిదికి ఎదురుగా ఖాళీ మిగిలింది. బోరు నీళ్లు ఇద్దరూ వాడుకోవాలని, వెనక మడికి పన్నెండడుగుల బాట వదలాలని ఉన్నది ఆ షరతే. నాయిన, "మళ్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. నీళ్లూ బాటా లేకపోతే మిగిలిన ఎకరం ఇరవై గుంటలు ఉండీ లేనట్టే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అమ్మ మాత్రం లేచి బయటికి పోయింది.

అయినా వెంటనే "తీసేసింది" అని రాయలేదు. పేజీ నిండితే షరతు తర్వాతి పేజీకి జారవచ్చు. మూడో పేజీ ఫోటో తెరిచి చూస్తే అందులో హద్దుల షెడ్యూలు, సాక్షుల సంతకాల చోటు తప్ప ఏమీ లేదు. అప్పుడు రాశాను. ఒకటి చేర్చి ఒకటి తీసేస్తే లెక్క ఆరుకు ఆరు సరిపోయింది. చివరి షరతు, రిజిస్ట్రేషన్ ఖర్చులది, రెండింట్లోనూ తొమ్మిదో నంబరే.

ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదు. అప్పిచ్చినాయన పొద్దున్నే డబ్బుల కోసం వస్తానన్నాడు. చిన్నాన్న, "సంతకం పెట్టి పది లక్షలు తెచ్చుకుందాం, తర్వాత మాట్లాడుకుందాం" అని తెల్లారేదాకా పోరాడు. నాయిన ఒప్పుకోలేదు.

తొమ్మిదికే చేవెళ్ల కోర్టు దగ్గర వకీలుకు నోట్‌బుక్ చూపించాం. ఆయన గడువు దగ్గరే వేలు పెట్టాడు. ఒప్పందం నెరవేర్చమని దావా వేయడానికి మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, అది కాగితంలో రాసిన తేదీ నుంచి నడుస్తుంది, తేదీయే లేకపోతే మీరు కాదన్న సంగతి వాళ్లకు తెలిసిన రోజు నుంచి మొదలవుతుంది, అందుకే మీ పేరు మీద ఈ కాగితం ఏళ్ల తరబడి బతికే ఉంటుంది అని విడమరిచి చెప్పాడు.

పదింటికి బ్రోకర్ ముందు మూడు వరుసలు చదివాను: చేర్చింది ఒకటి, తీసేసింది ఒకటి, మార్చినవి రెండు. టైపింగ్ పొరపాటన్నాడు. కొనేవాళ్లు పాత గడువుకు, బయానా షరతుకు, బోరు, బాటలకు ఒప్పుకున్నారు. వేరే పేరున రిజిస్ట్రేషన్ మాత్రం కావాలన్నారు. ఎవరి పేరున చేయించుకున్నా మిగతా సొమ్ముకు బాధ్యత వాళ్లదేనన్న వాక్యం కలిపించి వకీలు దాన్ని ఉంచాడు. అక్కడే కొత్త ప్రింటు తీయించి మళ్లీ మొదటి నుంచి చదివి, ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలూ పెట్టించాకే నాయిన బయానా ముట్టుకున్నాడు. గడువులోపే మిగతా సొమ్ము వచ్చింది, మొయినాబాద్ తహసీల్దార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసి రిజిస్ట్రేషన్ చేశాం.

చేవెళ్ల, మొయినాబాద్ వైపు భూమి అమ్ముకుంటున్న వాళ్లకు ఒక్క మాట. మొదట పంపిన ఫోటోలు ఫోన్లోంచి చెరిపేయకండి. సంతకం పెట్టబోయే కాగితాన్ని, వాళ్లు పంపిన ఫోటోను కాదు, ఆ కాగితాన్నే మీ చేత్తో ఫోటో తీసి, పాతదాని పక్కన పెట్టి షరతు షరతూ చదివించుకోండి.