పిల్లి కోసం కన్నీరు

జైపూర్‌లో మేముండే వీధికి మృత్యువార్త కొత్త కాదు. గోదావరికి ఈవలి ఒడ్డున శ్రీరాంపూర్ గనులు, ఆవలి ఒడ్డున గోదావరిఖని. షిఫ్టుకు వెళ్ళిన మనిషి తిరిగి రాకపోవడమంటే ఏమిటో ఇక్కడి కుటుంబాలకు తెలుసు. అటువంటి చోట, ఒక పిల్లి చనిపోయినందుకు ఇంటిల్లిపాదికీ ముద్ద దిగలేదని ఎవరితో చెప్పుకోగలం? మేమూ చెప్పుకోలేదు.

చాందినీ ఆరేళ్ళు మా ఇంట్లో ఉంది. అబ్బా నైట్ షిఫ్టు ముగించుకొని వచ్చే వేళకు గేటు దగ్గర కూర్చునేది. ఫజ్ర్ నమాజు వేళ జానమాజ్ అంచున ముడుచుకొని పడుకొనేది.

గత చలికాలంలో ఒక రాత్రి అది ఆహారం ముట్టలేదు. ఒళ్ళు వేడిగా ఉంది. పశువుల ఆసుపత్రి తెరిచి ఉండే సమయం కాదు. పిల్లలకు జ్వరం వస్తే ఇచ్చే మందే కదా అనుకొని, 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్రలో సగం నూరి పాలలో కలిపి తాగించాము. తెల్లవారేసరికి దాని ముఖమూ పాదాలూ వాచాయి. చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. నోరు తెరిచి రొప్పసాగింది.

మంచిర్యాలకు తీసుకువెళ్ళగానే పశువైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "మనుషుల మందేమైనా ఇచ్చారా?" అని. చెప్పాము. మన కాలేయం ఆ మందును మార్చి బయటకు పంపగలదనీ, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువనీ ఆయన వివరించారు. మిగిలిపోయిన విషం రక్తాన్ని పాడుచేస్తుంది. ఆ రక్తం ప్రాణవాయువును మోయలేదు. చిగుళ్ళ రంగు మారడానికి కారణం అదే. విరుగుడు మందు ఉన్నది కానీ, మొదటి కొన్ని గంటలలో పడితేనే ఆశ. మేము రాత్రంతా దాటించాము. జుహ్ర్ వేళకు ముందే అది కన్నుమూసింది. గుడ్డలో చుట్టి, పెరటి వేపచెట్టు కింద లోతుగా గుంట తీసి పూడ్చాము.

మనిషి పోతే చేయవలసిన పనులుంటాయి. గుసుల్, కఫన్, జనాజా, పరామర్శకు వచ్చేవారు, పొరుగిళ్ళ నుంచి వచ్చే భోజనం. దుఃఖానికి ఒక దారి దొరుకుతుంది. పిల్లి పోతే అవేవీ లేవు, ఉండనవసరమూ లేదు. కానీ దుఃఖం మాత్రం ఉంది. కళ్ళెందుకు ఎర్రబడ్డాయని తోటి కార్మికులు అడిగితే అబ్బా బొగ్గు ధూళి అన్నారు. అసలు బాధ మరొకటి. మందు ఇచ్చిన చేయి మాది. పిల్లిని బంధించి, ఆకలితో చంపిన స్త్రీకి నరకశిక్ష పడిందన్న హదీసు అమ్మీని నిద్రపోనివ్వలేదు.

అందరికంటే ఎక్కువగా పక్కింటి ఖాలా నుంచి దాచాము. ఆమె భర్తను పోగొట్టుకొని ఇద్దత్ పాటిస్తున్నారు. ఆమె ముందు పిల్లి కోసం ఏడవడమా! కానీ తొమ్మిదేళ్ళ మా చెల్లి ఏదో ఇవ్వడానికి వెళితే ఆమే అడిగారు: "చాందినీ మా గుమ్మంలోకి రావడం లేదేం, బేటా?" చెల్లి భోరుమంది. మాత్ర సంగతితో సహా అన్నీ చెప్పేసింది.

సాయంత్రం అమ్మీ సిగ్గుపడుతూ వెళితే ఖాలా, "నా దుఃఖం పెద్దదని మీది దాచుకున్నారా?" అని నొచ్చుకున్నారు. తరువాత అబూ ఉమైర్ సంగతి గుర్తుచేశారు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అతను. ఆడుకొనే చిన్న పిట్ట చనిపోతే దిగులుగా కూర్చున్నాడు. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చి, పిల్లవాడికేమైందని విచారించారు. కారణం తెలిశాక పిట్టపాటి దానికి ఏడుపేమిటని అనలేదు. అతణ్ణి పెద్దవాడిలా పేరుపెట్టి పలకరించి, ఆ పిట్ట ఏమైందని అడిగారు.

హదీసులోని స్త్రీ గురించి కూడా ఖాలా విడమరచి చెప్పారు. ఆమె పిల్లికి తిండి పెట్టలేదు, తానుగా వెతుక్కోవడానికి వదలనూ లేదు. మీరు బతికించాలని ఇచ్చారు, తెలియక పొరపడ్డారు. అల్లాహ్‌ను మన్నింపు కోరండి, తెలిసిన సంగతి నలుగురికీ చెప్పండి అన్నారు. గుండెలు బాదుకొని రోదించడాన్ని ధర్మం వారించింది గాని, కంటి నీటిని కాదు. తన కుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు ప్రవక్త (స) కళ్ళూ చెమర్చాయి.

మరునాడు అబ్బా డ్యూటీలో ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఒకరిద్దరు నవ్వారు. ఒకాయన మాత్రం పక్కకు పిలిచి, తమ ఇంట్లోనూ పిల్లి ఉందనీ, ఆ మాత్ర పేరు మరొకసారి చెప్పమనీ అడిగారట.