నాగర్‌కర్నూల్ ఫూఫీకి ఒక కార్డు

మా నాన్నగారి మేనమామ కుమార్తె నాగర్‌కర్నూల్‌లో ఉంటారు. వరుసకు మాకు ఫూఫీ. ఆరేళ్ల క్రితం వనపర్తిలో మా తమ్ముడి నికాహ్ జరిగినప్పుడు ఆమెకు పిలుపు వెళ్లలేదు. జాబితా రాసినవాళ్లం మేమే, మరచినవాళ్లమూ మేమే. 2025 జూన్‌లో 1447వ హిజ్రీ సంవత్సరం రాబోతుండగా ఆమెకు చేతివ్రాతతో కార్డు పంపాలని గద్వాలలోని మా ఇంట్లో అనుకున్నాము.

చిక్కంతా మొదటి వాక్యం దగ్గరే వచ్చింది. మా అమ్మాయి 'నూతన సంవత్సర ముబారక్' అని మొదలుపెట్టింది. ముహర్రమ్ కర్బలాను తలపించే నెల. మా ప్రాంతపు పల్లెల్లో పీర్లు లేచే రోజులవి. ఆ నెలకు పండుగ పలకరింపు ఫూఫీకి నచ్చకపోవచ్చని ఆ మాట తీసివేసి దుఆతో మొదలుపెట్టాము. 'చాలా కాలమైంది, ఏమీ అనుకోకండి' అన్న రెండో ప్రయత్నమూ నిలవలేదు. పలకరించకముందే క్షమాపణ అడిగితే, చదివేవారికి సలాం కన్నా ముందు పాత గాయమే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఫూఫీకి ఉర్దూ చదవడమే వచ్చు, మా పిల్లలకు తెలుగు రాయడమే వచ్చు. కార్డును ఆమె మనుమడు పైకి చదివి వినిపిస్తాడు. కనుక ఒక్కసారి వింటేనే అర్థమయ్యేంత చిన్న వాక్యాలు కావాలి. దూరపు చుట్టానికి రాసినది ఎవరన్నదీ వెంటనే తెలియాలి. చివరకు ఇలా కుదిరింది:

'అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహూ. ఫూఫీజాన్, మేము గద్వాల నుంచి, మీ మేనత్త కొడుకు పిల్లలం. ఈ కొత్త హిజ్రీ సంవత్సరంలో అల్లాహ్ మీకు ఆరోగ్యాన్ని, మీ ఇంటికి బర్కత్‌ను ప్రసాదించుగాక.'

ఆ తరువాతే ఒక వరుస వదిలి, 'తమ్ముడి నికాహ్‌కు మిమ్మల్ని పిలవకపోవడం మా తప్పు' అని రాశాము. కారణాలు రాయలేదు. రాస్తే అది సంజాయిషీ అవుతుంది.

తేదీ వేయలేదు. జిల్‌హజ్ ఇరవై తొమ్మిదిన చంద్రుడు కనిపిస్తే ఒక రోజు, లేకుంటే మరో రోజు. '1447 ముహర్రమ్' అని మాత్రం వేశాము. పాత డైరీలోని చిరునామాలో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూల్ వేరే జిల్లా అయింది గనుక దాన్ని దిద్ది, మారని పిన్‌కోడు 509209ని స్పష్టంగా రాసి, అయిదు రూపాయల బిళ్ల అంటించి, నెలవంకకు పది రోజుల ముందే డబ్బాలో వేశాము.

ముహర్రమ్ రెండోనాడు మనుమడు ఫోన్ చేశాడు. ఫూఫీ ముందుగా అడిగినది, ఆ రాసిన అమ్మాయి ఏ తరగతి చదువుతున్నదని. నికాహ్ సంగతి ఆమె ఎత్తలేదు. కార్డును మాత్రం మరోసారి చదివించుకున్నారట.