రెండు వేలు, నాలుగు వాటాలు

ఫైనల్ ఇయర్‌లో కాలేజీ దగ్గర రూమ్ తీసుకుని నలుగురం ఉండేవాళ్లం. నెట్ కనెక్షన్ నా పేరు మీద ఉండేది. డిపాజిట్ 2,000 రూపాయలు, తలా 500 వేసుకున్నాం. 2023 ఏప్రిల్ 12న రూమ్ ఖాళీ చేస్తూ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనెక్షన్ తీసేయమన్నాను. అదే రోజు ఆఫీసుకెళ్లి రౌటర్ ఇచ్చేసి రసీదు తీసుకున్నాను. "రెండు నెలల్లో డబ్బులొస్తాయిరా" అని ముగ్గురికీ మాటిచ్చాను.

జూన్ అయిపోయింది. వాట్సాప్ గ్రూపులో ఒకడు "ఏరా, మన డిపాజిట్‌తో బైక్ కొన్నావా?" అన్నాడు. జోకే. కానీ వాడికి అప్పటికింకా ఉద్యోగం రాలేదు, 500 అంటే లెక్కే. నాకు గుచ్చుకుంది.

ఆ రాత్రే కంపెనీకి పేజీన్నర మెయిల్ రాశాను. మోసం, అన్యాయం, విద్యార్థుల కష్టం, అన్నీ పెట్టాను. రెండు లైన్ల జవాబొచ్చింది: డిపాజిట్ బిల్లుల్లో సర్దుబాటైంది, ఇంకా 124 రూపాయలు మీరే కట్టాలి!

కోపం తగ్గాక లెక్క వేశాను. నెలకు జీఎస్టీతో 708. ఏప్రిల్, మే, జూన్ కలిపితే 2,124. అంటే వాళ్ల రికార్డులో నా కనెక్షన్ అసలు మూతపడనే లేదు. ఫోన్లో చెప్పినప్పుడు నేను డాకెట్ నంబరు అడగలేదు. నా దగ్గరున్న సాక్ష్యం రౌటర్ రసీదు ఒక్కటే.

రెండో మెయిల్లో కోపం లేదు.

"ఖాతా నంబరు ఇది. ఏప్రిల్ 12న కనెక్షన్ రద్దు కోరి రౌటర్ అప్పగించాను, రసీదు జతచేశాను. ఆ తర్వాతి బిల్లులు రద్దు చేయండి. ఏప్రిల్‌లో వాడిన 12 రోజులకు 283.20 మినహాయించి, మిగిలిన 1,716.80 ఈ బ్యాంకు ఖాతాకు పంపండి. ట్రాయ్ నిబంధన ప్రకారం 60 రోజుల గడువు దాటింది."

దానికి డాకెట్ నంబరొచ్చింది. నాలుగు రోజులకు, ఏమీ చేయకుండానే 'పరిష్కరించాం' అని మెసేజ్ వచ్చింది. అప్పుడు తెలిసింది, కంపెనీలోనే పైన అప్పీలు అధికారి ఉంటారని, దానికి ఫీజు లేదని, 39 రోజుల్లో తేల్చాలని. అదే ఉత్తరం, అదే రసీదు, పాత డాకెట్ నంబరు పెట్టి అప్పీలు చేశాను. మూడు వారాలకు 1,716.80 ఖాతాలో పడింది.

తలా 429.20 పంపాను. బైక్ జోకు వేసినవాడు వెంటనే ఫోన్ చేశాడు.

"డెబ్బై రూపాయల ఎనభై పైసలు ఏమయ్యాయిరా?"

పన్నెండు రోజుల లెక్క వాడికీ చెప్పాను. ఈసారి ఇద్దరం నవ్వుకున్నాం.